తాళం మారింది, చెవి మారలేదు

పండక్కి అమెరికా నుంచి వచ్చిన కొడుకు అమ్మానాన్నల ఇంట్లో పాత రౌటర్ తీయించి కొత్తది పెట్టించాడు. పేరు పాతదే ఉంచాడు, పాస్‌వర్డ్ మాత్రం మార్చాడు. తన ఫోను కలుపుకున్నాడు, టీవీ కలిపాడు, నాన్నగారి ఫోనూ కలిపాడు. అమ్మ ఆ సమయానికి అరిసెల పాకం దగ్గర ఉంది. ఆమె ఫోను సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. కనుమ మర్నాడు అతను విమానం ఎక్కాడు. ఆ తర్వాతి రోజు మనవరాలితో వీడియో కాల్ మాట్లాడుతుండగా బొమ్మ ఆగిపోయింది, ఈరోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చింది. ఇంట్లో వైఫై ఉంది కదా అని సెట్టింగ్స్ తెరిచి చూస్తే ఇంటి పేరు అక్కడే ఉంది, దాని కింద Saved అని కూడా ఉంది. నొక్కితే కాసేపు తిరిగి ఆగిపోతోంది. రౌటర్ పాడైందేమో అనుకుంది. ఆయన ఫోన్‌లో మాత్రం పాటలు వస్తున్నాయి.

చిన్నాచితకా తేడాలతో ఈ కథ ఎన్నో ఇళ్లల్లో నడుస్తూనే ఉంటుంది. పెద్దవాళ్లకు వైఫై నేర్పడమంటే చాలామంది ‘కలపడం’ వరకే అనుకుంటారు. నిజానికి ఆ పని పిల్లలో, కేబుల్ కుర్రాడో ఒకసారి చేసేసి పోతారు. పెద్దవాళ్లు ఒంటరిగా చిక్కుకునేది ఆ తర్వాత, ఏదో ఒకటి మారినప్పుడు. అప్పుడు కావలసిన మందు ఫోన్‌లోనే ఉంది. దాని పేరు Forget. ఆ మాట చూస్తేనే వాళ్లకు భయం. అందుకే కాలనీ కమ్యూనిటీ హాల్లో ఇలాంటి క్లాసు పెట్టేవాళ్లు మూడు రోజులు, రోజుకో గంట చొప్పున వేసుకుని, మూడో రోజు మొత్తం ఆ ఒక్క మాటకే ఇవ్వాలి. ఇక్కడ చెప్పే పాఠం ఆ లెక్కన అల్లినదే.

ముందు సరంజామా. పన్నెండు మందికి మించి కూర్చోబెట్టకూడదు. నేర్పేవాళ్లు ఒకరు, సాయానికి ఇద్దరు కాలేజీ పిల్లలు చాలు. హాలుకు ఉన్న అసలు వైఫై మీద ప్రయోగాలు చేయకుండా, ఎవరింట్లోనో అటక మీద ఉన్న పాత రౌటర్ ఒకటి తెచ్చుకోవాలి. సొంత ఫోన్ హాట్‌స్పాట్‌తో సరిపెడదామనిపిస్తుంది కానీ, చాలా ఫోన్లు ఏడెనిమిది మందినో, పదిమందినో మించి చేర్చుకోవు. పదకొండో ఆయన తనకే రాలేదని చిన్నబుచ్చుకుంటారు. తెచ్చిన రౌటర్‌కు PATAM-1 అని పేరు, mamidi2468 అని పాస్‌వర్డ్ పెట్టాలి. వైఫై పాస్‌వర్డ్‌కు కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. అందుకే 1234 లాంటి పొట్టివి కుదరవు. మొదటి రోజు పాస్‌వర్డ్‌లో సున్నా, ఒకటి వద్దు. సున్నాకూ ఇంగ్లీషు ఓ అక్షరానికీ, ఒకటికీ చిన్న ఎల్‌కూ తేడా చత్వారపు కళ్లకు తెలియదు. ఇంకో చిన్న పని: అందరి ఫోన్లలోనూ స్క్రీన్ ఆరిపోయే గడువు రెండు నిమిషాలకు పెంచాలి. మామూలుగా అది ముప్పై సెకన్లే ఉంటుంది. ఆరో అక్షరం కోసం వెతుకుతుండగా తెర నల్లబడితే, అంతా మొదటికొస్తుంది.

మొదటి రోజు పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టడం పొరపాటు. ముందు అందరి బుర్రల్లో ఉన్న ఒక ముడి విప్పాలి. వైఫై వేరు, ఇంటర్నెట్ వేరు. ఈ ముక్క మాటల్లో చెబితే తల ఊపుతారు, ఎక్కదు. చేసి చూపించాలి. నేర్పే అమ్మాయి తన ఫోను PATAM-1కు కలిపి, అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుని, రౌటర్ వెనక ఇంటర్నెట్ తెచ్చే తీగ ఊడదీస్తుంది. ఫోన్‌లో విసనకర్ర లాంటి వైఫై గుర్తు అలాగే ఉంటుంది, కాసేపటికి దాని పక్కన చిన్న ఆశ్చర్యార్థకం వస్తుంది. లోపలికి వెళ్లి చూస్తే నెట్‌వర్క్ పేరు కింద, ఇంటర్నెట్ లేదని ఉంటుంది. “కుళాయి ఉంది తాతగారూ, పైన ట్యాంకులో నీళ్లు లేవు,” అంటే చాలు. ఇక ఎప్పుడు నెట్ ఆగినా తన ఫోన్‌దే తప్పు అనుకోవడం తగ్గుతుంది. ఆశ్చర్యార్థకం కనిపిస్తే ఫోన్‌ను కెలకనక్కర్లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాలి. విసనకర్రే లేకపోతే, అప్పుడు మన ఫోన్‌లో చూసుకోవాలి.

తర్వాత కలపడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో దారి కంపెనీని బట్టి మారుతుంది. శాంసంగ్‌లో Settings లోపల Connections కింద ఉంటుంది, కొన్ని కంపెనీల ఫోన్లలో Network & internet కింద ఉంటుంది, ఐఫోన్‌లో Settings తెరవగానే పై వరుసల్లోనే Wi-Fi కనిపిస్తుంది. పన్నెండు ఫోన్లకు పన్నెండు దారులు బోర్డు మీద రాస్తే గందరగోళమే. అన్నిటికీ పనికొచ్చే అడ్డదారి ఒకటుంది. తెర పైనుంచి కిందికి వేలితో లాగితే వచ్చే గుర్తుల్లో విసనకర్రను నొక్కి, వేలు తీయకుండా కాసేపు ఉంచడం. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు నేరుగా పేర్ల జాబితా తెరుచుకుంటుంది. అయితే ఊరికే తాకితే వైఫై ఆగిపోవచ్చు. తాకడం, నొక్కిపట్టడం వేరువేరని వేళ్లకు అలవాటు చేయడానికి ఓ పది నిమిషాలు పడుతుంది. వయసు మీద పడ్డాక వేలి కొసలు పొడిబారి తెర స్పర్శను పట్టుకోదు. పక్కన తడిగుడ్డ ఒకటి ఉంచుకుని వేలు కాస్త అద్దుకోమంటే, మొండికేసిన ఫోన్లు సగం దారికొస్తాయి.

ఇక పాస్‌వర్డ్. తెలుగు లిపిలో పెద్దక్షరం, చిన్నక్షరం అన్న గొడవ లేదు. ‘మ’ ఎక్కడ రాసినా ‘మ’యే. అందుకే తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషును అవసరానికి మాత్రమే వాడిన పెద్దలకు, M వేరు m వేరు అని రౌటర్ పట్టుబట్టడం వింతగా తోస్తుంది. ‘క్యాపిటల్’, ‘స్మాల్’, ‘కేస్ సెన్సిటివ్’ అంటూ మొదలుపెడితే చూపులు గోడ మీదికి పోతాయి. “పెద్ద బడి, చిన్న బడి చదువుకున్నారు కదా మాస్టారూ, ఇది ఆ లెక్కే,” అంటే వెంటనే వెలుగుతుంది. పైకి చూసే బాణం నొక్కితే పెద్ద బడి, మళ్లీ నొక్కితే చిన్న బడి. అంకెల కోసం ?123 అన్న మీట. టైపు చేసినదంతా చుక్కలుగా మారిపోతుంది కాబట్టి, ఆండ్రాయిడ్‌లో పెట్టె పక్కన ఉండే కన్ను గుర్తో, Show password అన్న గడియో ముందే నొక్కించాలి. ఈ ఒక్క అలవాటు సగం తప్పుల్ని ఆపుతుంది. హాల్లో పక్కవాళ్లు చూస్తారేమోనన్న బెంగ ఇక్కడ అనవసరం, పాస్‌వర్డ్ బోర్డు మీదే ఉంది.

ఒక షరతు మాత్రం సడలించకూడదు. సాయం చేసే పిల్లలు పెద్దవాళ్ల ఫోను చేతిలోకి తీసుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని నోటితోనే చెప్పాలి. “ఇటివ్వండి, నేను చేసిస్తాను” అన్నారంటే పని ఒక్క క్షణంలో అయిపోతుంది, పాఠం కూడా అక్కడితో అయిపోతుంది.

ఇంటికి వెళ్లేముందు ఒక హోంవర్కు. రౌటర్ కిందో వెనకో అంటించిన స్టిక్కర్ మీద ఉన్న పేరు, పాస్‌వర్డ్ నోటుబుక్‌లో రాసుకురావాలి. ఇంట్లో ఎవరైనా పాస్‌వర్డ్ మార్చి ఉంటే స్టిక్కర్ మీదిది పనిచేయదు. అది వాళ్లను అడిగి రాసుకోవాలి. ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. స్టిక్కర్ దగ్గరే Reset అని రాసి, సూది దూరేంత చిల్లు ఉంటుంది. దాన్ని గుచ్చితే రౌటర్ కొన్న మొదటి రోజుకు వెళ్లిపోతుంది. పేరు, పాస్‌వర్డే కాదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లు లోపల పెట్టిన వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు మనిషి వచ్చి మళ్లీ ఎక్కించేదాకా ఇంటిల్లిపాదికీ నెట్ ఉండదు.

నోటుబుక్కులు తెచ్చాక కొందరి జాబితాలో ఒకే ఇంటికి రెండు పేర్లు కనిపిస్తాయి, రెండోదాని చివర 5G అని. అది మొబైల్ కంపెనీల 5జీ కాదు. అదే రౌటర్ రెండు రకాల తరంగాలపై పలుకుతుందన్నమాట. 5G అని ఉన్నది దగ్గర్లో వేగంగా ఉంటుంది, గోడలు దాటేసరికి నీరసిస్తుంది. వెనక గదిలో పడుకునే తాతగారికి మామూలు పేరే నయం. ఫోను రెండిటినీ వేరువేరుగా గుర్తుంచుకుంటుందని మాత్రం చెప్పి వదిలేస్తే చాలు.

రెండో రోజు పాఠం కుర్చీల్లో జరగదు. అందరూ ఫోన్లు PATAM-1కు కలిపి ఉండగా లేచి, కబుర్లు చెప్పుకుంటూ గేటు దాటి రోడ్డు మలుపు దాకా నడవాలి. విసనకర్రలో గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి మాయమవుతుంది. అక్కడ ఆగి, ఎవరి ఫోన్‌లో ఎక్కడ పోయిందో చూసుకోవాలి. ఒకరిది గేటు దగ్గరే పోతుంది, ఇంకొకరిది కొబ్బరిబోండాల బండి దాకా వస్తుంది. తిరిగి హాలుకు వస్తే విసనకర్ర దానంతటదే వస్తుంది. పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. అదే Saved అన్న మాటకు అర్థం.

దీన్ని తాళంచెవుల గుత్తితో చెబితే బాగా పడుతుంది. పాస్‌వర్డ్ సరిగా కొట్టి ఒకసారి లోపలికి వెళ్లగానే, ఫోను ఆ చెవికి నకలు తీసి తన గుత్తిలో వేసుకుంటుంది. మళ్లీ ఆ పేరు చెవినపడితే గుత్తిలోంచి ఆ చెవి తీసి తిప్పుతుంది. మనల్ని అడగదు. గుత్తిలో ఏముందో చూడాలంటే ఆండ్రాయిడ్‌లో పేర్ల జాబితా కిందో, పై మూల ఉన్న మూడు చుక్కల్లోనో Saved networks అని ఉంటుంది. అది తెరిచినప్పుడు హాల్లో నవ్వులు మొదలవుతాయి. బీమా ఆఫీసు, కూతురి పాత అద్దె ఇల్లు, ఎప్పుడో దిగిన తిరుపతి లాడ్జి, పెళ్లి జరిగిన ఫంక్షన్ హాలు. ఏళ్ల తిరుగుళ్లన్నీ అక్కడ వరసగా ఉంటాయి.

నవ్వుకున్నాక ఒక చేదు నిజం చెప్పాలి. పాస్‌వర్డ్ ఉన్న వైఫై అయితే పేరుతో పాటు చెవి కూడా సరిపోవాలి. పాస్‌వర్డ్ లేని ఉచిత వైఫైలను ఫోను పేరును బట్టే పోలుస్తుంది. అదే పేరుతో ఎవరు మరో వైఫై పెట్టినా, అసలుదే అనుకుని దానికి అతుక్కునే వీలుంది. ఇలాంటి ఉచిత వైఫైల్లో మనవాళ్లకు బాగా తెలిసింది రైల్వే స్టేషన్‌లోది. రైల్‌టెల్ 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌తో ఆరంభించింది. అందులో చేరగానే ఒక పేజీ తెరుచుకుంటుంది, మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది, అది కొడితే నెట్ వస్తుంది. ఇది మామూలే. ఆ పేజీ పేరు, నంబరు, ఓటీపీ దాటి ఏటీఎం కార్డు వివరాలో, యూపీఐ పిన్నో అడిగితే మాత్రం వెంటనే బయటికి రావాలి. ఉచితానికి పిన్నుతో పనేమిటి? రైలు ఎక్కాక ఆ పేరును గుత్తిలోంచి తీసేయడం మంచిది. తీయడమెలాగో రేపు.

మూడో రోజు చిన్న కుట్రతో మొదలవుతుంది. అందరూ వచ్చి, ఫోన్లు వాటంతట అవి కలిశాయని చూసుకుని, టీ తాగడానికి వరండాలోకి వెళ్తారు. ఆ ఐదు నిమిషాల్లో నేర్పే అమ్మాయి రౌటర్‌లో పాస్‌వర్డ్ మార్చేస్తుంది. పేరు PATAM-1 అలాగే ఉంటుంది, పాస్‌వర్డ్ mamidi2468 బదులు panasa3579. గ్లాసులు పెట్టి వచ్చిన పెద్దవాళ్లకు విసనకర్ర ఉండదు. “అమ్మాయీ, నాది పోయింది.” “నాదీనమ్మా.” పన్నెండు ఫోన్లు పన్నెండు రకాలుగా మొరాయిస్తాయి. కొన్నిటిలో పేరు కింద Saved అని మాత్రమే ఉంటుంది, నొక్కితే తిరిగి తిరిగి ఆగుతుంది. కొన్నిటిలో పాస్‌వర్డ్ సరిచూసుకోమని ఉంటుంది. కొన్ని మంచి ఫోన్లు కొత్త పాస్‌వర్డ్ ఇమ్మని నేరుగా అడిగేస్తాయి. వాటి యజమానులు అదృష్టవంతులే కానీ, వాళ్ల చేత కూడా పాఠం చేయించాలి. మాటలు వేరైనా సంగతి ఒకటే. తాళం మారింది, ఫోను పాత చెవినే తిప్పుతోంది.

అప్పుడు Forget. ఆండ్రాయిడ్‌లో ఆ పేరు పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే లోపల Forget ఉంటుంది. చక్రం లేని ఫోన్లలో బాణం గుర్తో, పేరును నొక్కిపట్టడమో. ఐఫోన్‌లో పేరు పక్కన గుండ్రని గీత మధ్య i అక్షరం నొక్కితే Forget This Network అని వస్తుంది. ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్లకు ఆ మాట ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మాటను కాక గుర్తునూ చోటునూ గుర్తుపెట్టుకోమనాలి. నొక్కాక జాబితాలో పేరు పోదు. వైఫై అక్కడే ఉంది కదా. దాని కింద Saved అన్న మాట మాత్రం పోతుంది. ఇప్పుడు పేరు తాకితే మొదటి రోజులాగే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొత్తది కొట్టాలి, విసనకర్ర వస్తుంది.

ఈ మీట దగ్గర వేలు ఆగిపోయేవాళ్లు ఉంటారు. “ఇది నొక్కితే ఇంట్లో అందరికీ నెట్ పోతుందా?” పోదు. “ఫొటోలు పోతాయా, వాట్సాప్ పోతుందా?” ఏదీ పోదు. గుత్తిలోంచి ఒక్క చెవి తీసినట్టు, అంతే. అయితే ఒక మినహాయింపు ఉంది, అది విదేశాల్లో పిల్లలున్న ఇళ్లల్లోనే ఎదురవుతుంది. కొడుకు వాడి ఇచ్చిన ఐఫోన్‌లో ఇంకా కొడుకు యాపిల్ అకౌంటే నడుస్తుంటే, పాస్‌వర్డులు ఐక్లౌడ్ ద్వారా ఆ అకౌంటు ఫోన్లన్నిటికీ పంచుకుంటున్నట్టు. ఇక్కడ తీసిన పేరు అక్కడా చెరిగిపోయే అవకాశం ఉంది. అసలు మందు తండ్రి పేరున వేరే అకౌంటు చేయించడం.

Forgetను పోలిన ఇంకో మీట నిజంగానే ప్రమాదకరం. Reset network settings అని ఉంటుంది. అది గుత్తి మొత్తాన్ని బావిలో పారేస్తుంది. దాంతోపాటు ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ జతలు కూడా పోతాయి, అంటే ఫోన్‌తో కలిపిన వినికిడి యంత్రాన్ని మళ్లీ జత చేసుకోవాల్సిందే. తరగతిలో ఆ మీట ఎక్కడుందో చూపించి, వదిలేయమని చెప్పడం, అసలు చూపించకపోవడం కంటే మేలు.

Forget నొక్కేముందు చేయాల్సింది ఒకటే: ఇప్పటి పాస్‌వర్డ్ చేతిలో ఉందా? లేకుండా నొక్కితే ఉన్న చెవి కూడా పోయినట్టే. నోటుబుక్‌లో లేకపోతే, ఆ వైఫైకి కలిసి ఉన్న మరో ఫోన్‌లోంచి రాబట్టవచ్చు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి ఆ పళ్లచక్రం లోపలే Share అని ఉంటుంది. వేలిముద్రో, పిన్నో ఇస్తే క్యూఆర్ కోడ్ వస్తుంది. చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరాల్లో కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఐఓఎస్ 16 నుంచి ఆ i గుర్తు లోపలే చూడవచ్చు. క్యూఆర్ వస్తే ఇక టైపు చేయడం కూడా అక్కర్లేదు. కూరగాయల బండి దగ్గర ఫోన్‌పేకు స్కాన్ చేసే చేతులే ఇవి.

ఇప్పుడు అరిసెల అమ్మగారి దగ్గరికి వెళ్దాం. ఆమె ఈ క్లాసుకు వచ్చి ఉంటే ఏం చేసేవారు? ముందు ఆయన ఫోన్‌లో పాటలు వస్తున్నాయి కాబట్టి రౌటర్, ఇంటర్నెట్ బాగానే ఉన్నాయని తేలుతుంది. తన ఫోన్‌లో విసనకర్ర లేదు, పేరు కింద Saved ఉంది. కాబట్టి చిక్కు తన గుత్తిలో ఉంది. ఆయన ఫోన్‌లో చక్రం, Share, ఆయన వేలిముద్ర, క్యూఆర్. తన ఫోన్‌లో చక్రం, Forget. మళ్లీ ఆ పేరు తాకితే పాస్‌వర్డ్ పెట్టె పక్కన చాలా ఫోన్లలో చిన్న చదరాల గుర్తు ఉంటుంది, అది నొక్కి ఆయన తెర మీదకు చూపిస్తే పని అయిపోతుంది. అక్కడ న్యూజెర్సీలో అర్ధరాత్రి కొడుకును లేపక్కర్లేదు.

క్లాసు ఫలించిందో లేదో ఆ రోజు తెలియదు. వారం ఆగి, హాల్లో కొత్త పేరుతో, కొత్త పాస్‌వర్డ్‌తో వైఫై పెట్టి, కాగితం గోడకు అంటించి, ఏమీ చెప్పకుండా కూర్చోవాలి. పన్నెండు మందిలో ఎంతమంది ఎవరినీ అడగకుండా చేరి, తర్వాత దాన్ని తీసేసి వెళ్లారో అదే లెక్క. తప్పినవాళ్లు ఎక్కువగా తప్పేది Forget దగ్గర కాదు, పెద్ద బడి అక్షరం దగ్గర. వాళ్లకు మళ్లీ మొదటి రోజు పాఠమే చెప్పాలి, మూడో రోజుది కాదు.

చివరగా ఒక మాట, పండక్కి వచ్చి రౌటర్ మార్చి వెళ్లే పిల్లలకు. కొత్త రౌటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డ్, పాత భద్రతా పద్ధతి అక్షరం పొల్లుపోకుండా అలాగే పెడితే ఇంట్లోని ఫోన్లు మామూలుగా వాటంతట అవే కలుస్తాయి. పాతది మరీ బలహీనమైనదై మార్చక తప్పకపోతే, కొత్తది పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి బీరువా తలుపుకు లోపలివైపు అంటించి, అమ్మ ఫోన్‌ను అమ్మ చేతే కలిపించి, అప్పుడు విమానం ఎక్కండి.